క్యూబ్ ఫెయిలైన రోజు ఎండీకి వెళ్లాల్సిన నోట్

కాంక్రీటు పోసిన రోజే దాని బలం చూడటానికి అదే కాంక్రీటుతో క్యూబులు పోస్తారు. 28వ రోజు వాటిని పగలగొట్టాక నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్ రిజిస్టర్లో ఒక అంకె పడుతుంది. ఆ అంకె ఇక మారదు. ల్యాబ్ నుంచి ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గరికి, అక్కడి నుంచి ఎండీ టేబుల్ మీదికి చేరేలోపు దాని చుట్టూ ఉన్న మాటలే మారతాయి. "ఒక సెట్ కాస్త తక్కువొచ్చింది సార్, యావరేజ్ ఓకే" అని ఒకరంటారు. "స్లాబ్ పోయింది సార్, కొట్టేయాల్సిందే" అని ఇంకొకరంటారు. మొదటి మాట విన్న ఎండీ ఏమీ చేయడు. రెండో మాట విన్నాయన చేయకూడనివన్నీ చేస్తాడు. ఈ రెండు మాటలూ ఒకే రిజిస్టర్ పేజీ నుంచి ఎలా పుడతాయో, వాటికి బదులు ఏం రాయాలో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్ అనుకుందాం. నాలుగో అంతస్తు స్లాబ్, ఎం30 గ్రేడ్, రెడీమిక్స్ కాంక్రీటు 46 ఘనపు మీటర్లు. 6 ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు ఏడు, చివర్లో మూడింట రెండు వంతులు నిండిన ఎనిమిదో బండి. కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల వరకు నాలుగు శాంపిళ్లు తీయాలి. తీశారు: 1, 3, 6, 8 నంబర్ల బండ్ల నుంచి. ఒక్కో శాంపిల్‌కు ఆరు క్యూబులు, మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు. 28 రోజుల ఫలితాలు, బలాన్ని కొలిచే ఎంపీఏల్లో, ఇలా వచ్చాయి.

మొదటి శాంపిల్: 36.0, 34.9, 35.6, సగటు 35.5.
రెండోది: 34.2, 33.5, 35.1, సగటు 34.3.
మూడోది: 25.8, 26.9, 26.2, సగటు 26.3.
నాలుగోది: 33.7, 35.0, 34.2, సగటు 34.3.

నాలుగు శాంపిళ్ల సగటు 32.6. కథంతా ఈ 32.6 దగ్గరే మొదలవుతుంది. ఎం30 అంటే 30 కావాలి, 32.6 వచ్చింది, పాసైనట్టే కదా అని చూసిన ఎవరికైనా అనిపిస్తుంది. "నాలుగు శాంపిళ్ల సగటు 32.6, గ్రేడ్ కంటే ఎక్కువ" అని నోట్‌లో రాస్తే అందులో ఒక్క అబద్ధం ఉండదు, అయినా ఫలితం మాయమైపోతుంది. ఎందుకంటే సగటు గ్రేడ్ దాటితే చాలని కోడ్ ఎక్కడా చెప్పలేదు.

కోడ్ అడిగేవి రెండు, రెండూ నెగ్గాలి. ఒకటి, వరసగా వచ్చిన నాలుగు శాంపిళ్ల సగటు గ్రేడ్ కంటే కొంత ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువ అంటే 3 ఎంపీఏ, లేదా ఆ కాంక్రీటు ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌ను 0.825తో గుణించి దగ్గరి అర అంకెకు సవరించిన విలువ, ఈ రెండింట్లో పెద్దది. సొంత స్టాండర్డ్ డీవియేషన్ తేలడానికి 30 శాంపిళ్ల ఫలితాలు కావాలి. అవి ఇంకా చేతికి రాని సైట్‌లో ఎం30కి 5.0 అనుకోమంటుంది కోడ్. 0.825ను 5తో గుణిస్తే 4.125, సవరిస్తే 4. అంటే కావలసిన సగటు 34, వచ్చింది 32.6. రెండోది, ఏ ఒక్క శాంపిల్ కూడా గ్రేడ్ కంటే 3 మించి తగ్గకూడదు. అంటే 27 ఉండాలి, మూడో శాంపిల్ 26.3. రెండు షరతులూ తప్పాయి. నోట్‌లో మొదటి వాక్యం ఇదే కావాలి: ఫెయిల్, ఎంత కావాలి, ఎంత వచ్చింది. సగటు గురించి గానీ, మిగతా మూడు శాంపిళ్లు బాగున్నాయని గానీ చెప్పడం తప్పేం కాదు, కాకపోతే వాటి చోటు ఆ వాక్యం తర్వాతే.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఐఎస్ 456 2000లో అచ్చయినప్పుడు ఎం20, ఆ పై గ్రేడ్‌లకు ఈ 3 స్థానంలో 4 ఉండేది. తర్వాత సవరణలో రెండు షరతుల్లోనూ 3 అయింది. పాత ప్రతి జిరాక్సులు సైట్ ఆఫీసుల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ జిరాక్స్ తీసి చూస్తే ఒక్కో శాంపిల్‌కు కావలసింది 26, వచ్చింది 26.3, పాస్! సగటు షరతు పాత ప్రతిలోనూ 34 దగ్గరే తప్పుతుంది గానీ, "విడి శాంపిళ్లన్నీ కోడ్ ప్రకారమే ఉన్నాయి" అని రాసుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. అందుకే ఏ ప్రతి, ఏ సవరణ, ఏ క్లాజు ప్రకారం ఫెయిలో నోట్‌లో రాయాలి. కాంట్రాక్టులో ఏది రాసి ఉంటే అదే కొలత. ఫలితం వచ్చాక కొలతబద్ద వెతుక్కోవడం మొదలైందంటే, వెతికేవాళ్లకు ఏ జవాబు కావాలో ముందే తేలిపోయినట్టు.

ఫలితాన్ని పక్కన పెట్టడానికి మామూలుగా వాడే మూడో దారి "క్యూబు సరిగా పోయలేదు" అనడం. ఇది ఒక్కోసారి నిజం కూడా. సైట్‌లో క్యూబులు పోసే పని చాలాసార్లు కొత్తగా చేరిన హెల్పర్ చేతిలో ఉంటుంది. 150 మిల్లీమీటర్ల మోల్డును మూడు పొరల్లో నింపి, పొరకు 35 పోట్లు పొడవాల్సింది, ఒకే దెబ్బకు నింపి పైన తాపీతో సాపు చేసేస్తారు. అలాంటి క్యూబు బలం తక్కువే చూపిస్తుంది, కానీ అలా చూపించిన క్యూబు తన గుర్తులు తానే వదిలి వెళ్తుంది. బాగా కుదిరిన క్యూబు 8.1 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. సరిగా కుదరనిది తేలికగా ఉంటుంది, పక్క ముఖాల్లో చిల్లులు కనిపిస్తాయి. పగలగొట్టేటప్పుడు తాపీ తగిలిన ముఖాన్ని పైకి పెట్టినా, లోడును నిమిషానికి 14 ఎంపీఏ వేగంతో పెంచకపోయినా అంకె మారుతుంది. ఇవన్నీ చూడాల్సిందే. అయితే చూసింది చూసినట్టు రాయాలి.

మన లెక్కలో మూడో శాంపిల్ క్యూబులు 8.15 నుంచి 8.2 కిలోలు తూగాయనీ, మిగతావి కూడా ఇంచుమించు అంతేననీ అనుకుందాం. మూడు క్యూబులు 25.8, 26.9, 26.2. ఒక శాంపిల్‌లోని క్యూబు దాని సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ పోతే ఆ శాంపిల్ చెల్లదని కోడ్ అంటుంది. 26.3కి 15 శాతం అంటే 22.4 నుంచి 30.2 వరకు. మూడూ ఆ హద్దుకు చాలా లోపల, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. 7 రోజులప్పుడు అదే బండి క్యూబుల సగటు 17.8 వచ్చింది, మిగతా బండ్లవి 23 నుంచి 24 దాకా వచ్చాయి. ఒక క్యూబు చెడిపోతే మిగతా రెండూ దాన్ని బయటపెట్టేవి. వేర్వేరు రోజుల్లో పగలగొట్టిన ఆరు క్యూబులు ఒకే మాట చెబుతున్నాయంటే, ఆ ఆరింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్క బండి కాంక్రీటే, లేదా ఆ బండి దగ్గర శాంపిల్ తీసిన పద్ధతి. "క్యూబు లోపం" అనే మాట ఈ లెక్కలో నిలవదు. నోట్‌లో "క్యూబు తయారీ, టెస్టింగ్ తనిఖీ చేశాం, ఫలితాన్ని కొట్టేయడానికి కారణం దొరకలేదు" అని ఒక వాక్యం ఉంటే చాలు.

ఆ 7 రోజుల అంకె ఇబ్బంది పెట్టే విషయం. ఎం30కి 7 రోజులకు మూడింట రెండు వంతులు, అంటే 20 దరిదాపుల్లో వస్తుందని ఎవరైనా ఆశిస్తారు. 17.8 వచ్చిన రోజునే ఎవరో ఒకరు పైకి చెప్పాల్సింది. 7 రోజుల ఫలితం మీద పాస్, ఫెయిల్ తేల్చకూడదని కోడ్ చెప్పడం నిజమే, ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని ఊరుకున్నారు. 21 రోజులు గడిచాయి. ఈలోపు 14వ రోజున అయిదో అంతస్తు స్లాబ్ పోశారు, ఆరో అంతస్తు సెంట్రింగ్ అయిపోయి స్టీలు కడుతున్నారు, ఎల్లుండి కాంక్రీటు. నోట్ రాసేవాళ్లు ఈ 7 రోజుల అంకెను వదిలేయాలనుకుంటారు, ఎందుకంటే అది కాంక్రీటు తప్పును దాటి మనుషుల తప్పును చూపిస్తుంది. వదిలేస్తే నెల తర్వాత సప్లయర్ లాయరే ఆ రిజిస్టర్ పేజీని ఎండీ ముందు పెడతాడు. ఒక్క వాక్యం చాలు: "7 రోజులకు 17.8 వచ్చింది, అప్పుడు పైకి తెలియజేయలేదు." ఎవరిది తప్పు అన్నది వేరే విచారణ, ఈ నోట్ దాన్ని నెత్తికెత్తుకోనక్కర్లేదు.

ఇప్పుడు రెండో పక్కకు వద్దాం. "స్లాబ్ ఫెయిలైంది" అని రాస్తే అది కూడా అబద్ధమే, ఎందుకంటే ఫెయిలైంది క్యూబు ఫలితం. క్యూబు చెప్పేది వచ్చిన కాంక్రీటు అంగీకారయోగ్యమా కాదా అన్నది. స్లాబ్ నిలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి కోడ్ వేరే దారి పెట్టింది: గట్టిపడ్డ స్లాబ్‌లోంచి గుండ్రటి ముక్కలు కోసి పగలగొట్టే కోర్ పరీక్ష, అదీ చాలకపోతే స్లాబ్ మీద బరువు పెట్టి చూసే లోడ్ పరీక్ష. మొదటి ప్రశ్నకు జవాబు ఈరోజే ఉంది. రెండోదానికి ఇంకా లేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే కంగారు పుడుతుంది, ఒక్కోసారి ధైర్యం కూడా అలాగే పుడుతుంది.

ప్రమాదం ఎంత మేరకు అన్నది నోట్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సిన చోటు. ఆరో బండి ఒక్కటే అనుమానం అని రాయాలనిపిస్తుంది, ఇంగితం కూడా అదే చెబుతుంది. కోడ్ మాట కొంచెం వేరు. విడి శాంపిల్ షరతు తప్పితే ఆ శాంపిల్ తీసిన బ్యాచ్ ఒక్కటే అనుమానంలో పడుతుంది. నాలుగింటి సగటు షరతు తప్పితే మొదటి శాంపిల్ తీసిన బ్యాచ్ నుంచి నాలుగోది తీసిన బ్యాచ్ దాకా మధ్యలో వచ్చినవన్నీ పడతాయి. మన లెక్కలో అది 1 నుంచి 8 దాకా, స్లాబ్ మొత్తం. సగటును కిందికి లాగింది ఆరో బండి ఒక్కటే అన్నది నిజం, అదీ రాయాలి. మిగతా మూడు శాంపిళ్ల సగటు 34.7. కోడ్ ప్రకారం స్లాబ్ మొత్తం ప్రశ్నలో ఉంది, అంకెల ప్రకారం అనుమానమంతా ఆరో బండి మీద ఉంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉండాలి. మొదటిదే ఉంటే భయపెట్టినట్టు, రెండోదే ఉంటే దాచినట్టు.

ఆరో బండి కాంక్రీటు ఎక్కడ పడిందో చెప్పగలగాలి. కాంక్రీటు రోజు పోర్ కార్డులో బండి నంబరుకు ఎదురుగా గ్రిడ్ రాసి ఉంటే పని తేలిక: 3 నుంచి 4, బి నుంచి డి, సుమారు 40 చదరపు మీటర్లు. రాసి లేకపోతే పంపు ఆపరేటర్, వైబ్రేటర్ పట్టినవాళ్లు గుర్తు చేసుకుని చెప్పేదే గతి, అప్పుడు ఆ హద్దు అంచనా అని నోట్‌లో ఉండాలి. చాలా సైట్లలో పోర్ కార్డులో బండి నంబర్లు ఉంటాయి, గ్రిడ్‌లు ఉండవు. ఫెయిల్ వచ్చిన రోజున అర్థమవుతుంది ఆ ఖాళీ గడి విలువ ఎంతో.

కారణం విషయంలో నోట్ రాసేవాళ్ల చెయ్యి జారడం తరచూ కనిపిస్తుంది. ఆరో బండి చలాన్ చూస్తే బ్యాచింగ్ 2:10కి, సైట్ చేరింది 3:05కి, పంపులోకి దించడం మొదలైంది 4:20కి. రెడీమిక్స్‌కు మామూలుగా అనుకున్న రెండు గంటల గడువు దాటింది. కాంక్రీటు జారుడును కొలిచే స్లంప్ రిజిస్టర్లో మిగతా బండ్లకు 110 నుంచి 130 మిల్లీమీటర్లు ఉంటే దీనికి 160 ఉంది. బ్యాచింగ్ అయి రెండు గంటలు దాటిన బండిలో స్లంప్ తగ్గాలి, పెరిగింది. నీళ్లు కలిపారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఘనపు మీటరుకు 380 కిలోల సిమెంటు, 171 లీటర్ల నీరు ఉన్న మిక్స్‌లో నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.45. బండికి 120 లీటర్లు పైపుతో పడితే ఘనపు మీటరుకు 20 లీటర్లు కలిసినట్టు, నిష్పత్తి 0.50కి చేరుతుంది. బలం కొన్ని ఎంపీఏలు పడిపోవడానికి అది చాలు. అయినా ఇది అనుమానమే. నీళ్లు పోసినట్టు ఎక్కడా రాసి లేదు, డ్రైవర్ పోయలేదంటాడు, ఇద్దరు కూలీలు చూశామంటారు. నోట్‌లో చలాన్ టైములు, స్లంప్ అంకె రికార్డులో ఉన్నవిగా రాయాలి, నీళ్ల సంగతి "ఇద్దరు చెప్పారు, రికార్డు లేదు, తేలలేదు" అని రాయాలి. "సప్లయర్ నిర్లక్ష్యం వల్ల" అని రాశారంటే దర్యాప్తు మొదలవకముందే తీర్పు ఇచ్చేసినట్టు, పైగా 4:20 దాకా బండిని నిలబెట్టింది సైట్ పంపు మొరాయించడం వల్లేనని తర్వాత తేలితే ఆ వాక్యం రాసినవాళ్ల మీదికే తిరుగుతుంది.

నోట్ కంటే ముందు ఫోన్ వెళ్లాలి, ఫలితం వచ్చిన గంటలోపే. మూడు వాక్యాలు చాలు: "సార్, బి బ్లాక్ నాలుగో స్లాబ్ 28 రోజుల క్యూబులు ఫెయిలయ్యాయి, 27 కావాలి, 26.3 వచ్చింది. నాలుగో, అయిదో అంతస్తుల్లో కొత్త బరువులు పెట్టడం ఆపేశాం, స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌కి చెప్పాం. ఎల్లుండి ఆరో స్లాబ్ కాంక్రీటు ఆపాలా వద్దా అన్నది రేపు పొద్దున తేల్చుకోవాలి, సాయంత్రానికి నోట్ పంపిస్తాను." ఇందులో "సీరియస్", "మేజర్", "చిన్న" లాంటి మాట ఒక్కటీ లేదని గమనించాలి. పెద్దదో చిన్నదో ఎండీయే అడుగుతాడు. అప్పుడు "క్యూబు గ్రేడ్ కంటే 12 శాతం తక్కువ, స్లాబ్ సంగతి కోర్లు తీస్తే గానీ చెప్పలేం" అన్నదే నిజమైన జవాబు.

సాయంత్రం వెళ్లే నోట్ ఒక పేజీ దాటనక్కర్లేదు. ఇలా ఉండొచ్చు:

> విషయం: బి బ్లాక్, 4వ అంతస్తు స్లాబ్ (ఎం30, 46 ఘ.మీ.): 28 రోజుల క్యూబు ఫలితం ఫెయిల్
>
> ఐఎస్ 456:2000, సవరణలతో, అంగీకార షరతులు రెండూ తప్పాయి. నాలుగు శాంపిళ్ల సగటు 32.6 (కావలసింది 34.0). ఆరో బండి శాంపిల్ 26.3 (కావలసింది 27.0). మిగతా మూడు శాంపిళ్లు 34.3 నుంచి 35.5.
>
> కోడ్ ప్రకారం స్లాబ్ మొత్తం ప్రశ్నలో ఉంది. తక్కువ వచ్చింది ఆరో బండి ఒక్కటే. పోర్ కార్డు ప్రకారం అది గ్రిడ్ 3–4, బి–డి మధ్య పడింది. ఈ హద్దు సుమారుగా చెప్పింది.
>
> క్యూబుల తూకం, టెస్టింగ్ తనిఖీ చేశాం. ఫలితాన్ని కొట్టేయడానికి కారణం లేదు. 7 రోజులకు ఇదే బండి 17.8 ఇచ్చింది, అప్పుడు తెలియజేయలేదు.
>
> కారణం తేలలేదు. రికార్డులో ఉన్నవి: బ్యాచింగ్ నుంచి దించడానికి 2 గంటల 10 నిమిషాలు, స్లంప్ 160 (మిగతావి 110–130). నీళ్లు కలిపారని ఇద్దరు చెప్పారు; రికార్డు లేదు.
>
> తెలియనిది: స్లాబ్‌లో ఉన్న కాంక్రీటు బలం ఎంత అన్నది.
>
> ఈరోజు చేసినవి: 4, 5 అంతస్తుల్లో ఇటుకలు, ఇసుక, టైల్స్ చేర్చడం ఆపాం. ఆ గ్రిడ్‌లో కింద మళ్లీ ప్రాప్స్ పెట్టాలా అని కన్సల్టెంట్‌ని అడిగాం. సప్లయర్‌కు ఫలితం రాతలో పంపాం. పగిలిన క్యూబులు భద్రపరిచాం.
>
> కావలసిన నిర్ణయాలు, రేపు 10 గంటలకల్లా: (1) కోర్లు తీయడానికి అనుమతి, ఆరు కోర్లు. (2) ఎల్లుండి 6వ స్లాబ్ కాంక్రీటు వాయిదా. మా సూచన: కన్సల్టెంట్ రాతలో సరే అనేదాకా వాయిదా.

ఈ నోట్‌లో "తెలియనిది" అన్న వరస లేకపోతే ఆ ఖాళీని చదివేవాళ్లు తమ భయంతోనో ఆశతోనో నింపుకుంటారు. ఇంకొకటి, సూచన ఉంది గానీ నిర్ణయం ఎండీ చేతిలోనే ఉంది. కన్సల్టెంట్ సంతకం లేకుండా "స్లాబ్ సేఫ్" అని గానీ "ప్రమాదం" అని గానీ క్యూసీ ఇంజనీర్ రాయకూడదు, అది ఆయన లెక్క కాదు. ఆ లెక్క ఎటు పోతుందో ఊహ ఉండటం మాత్రం మంచిదే, ఎందుకంటే కంగారును తగ్గించేదీ పెంచేదీ అదే. మామూలు స్లాబ్ వంగుడు బలం ఎక్కువగా స్టీలు మీద ఆధారపడుతుంది. 0.4 శాతం స్టీలున్న స్లాబ్‌లో కాంక్రీటు 30 నుంచి 26కి పడితే ఆ బలం తగ్గేది 1 శాతం దరిదాపుల్లోనే. స్తంభం స్లాబ్‌ను పొడుచుకు వచ్చే పంచింగ్ షియర్ దగ్గర అదే కాంక్రీటు 7 శాతం దాకా తగ్గిస్తుంది, కాబట్టి ఫ్లాట్ స్లాబ్ అయితే లెక్క బిగుసుకుంటుంది. ఇదే 26.3 స్తంభం కాంక్రీటులో వచ్చి ఉంటే సంగతి పూర్తిగా వేరు, అక్కడ బరువు మోసేది ప్రధానంగా కాంక్రీటే. నీళ్లు ఎక్కువైతే బలం సరిపోయినా మన్నిక తగ్గుతుంది, అది ఏ కోర్ బలంలోనూ కనిపించదు. ఒకే అంకె ఎక్కడ వచ్చిందన్న దాన్ని బట్టి బరువు మారుతుంది కాబట్టే, విశేషణాలు క్యూసీ నోట్‌లో ఉండకూడదు.

ఈ దశలో సైట్‌లో రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది "రీబౌండ్ హామర్ కొట్టి చూశాం, 32 వచ్చింది". ఆ సుత్తితో బలం అంచనా ఎంత బాగా చేసినా 25 శాతం అటూ ఇటూ కంటే మెరుగ్గా ఉండదని దాని ప్రమాణమే ఒప్పుకుంటుంది. నిజంగా 26.3 ఉన్న కాంక్రీటు మీద అది 20 దగ్గరా చూపించొచ్చు, 32 దగ్గరా చూపించొచ్చు. స్లాబ్‌లో ఏ మూల మిగతావాటికంటే మెత్తగా ఉందో పోల్చి కోర్ చోటు ఎంచుకోవడానికి పనికొస్తుంది, పాస్ చేయడానికి కాదు. రెండోది "ఎక్స్‌ట్రా క్యూబులు ఉన్నాయి, అవి పగలగొడదాం". పోర్ కార్డులో లేని, నంబరు వేయని క్యూబులు ఫెయిల్ తర్వాతి రోజు ట్యాంకు అడుగున దొరికాయంటే, వాటి ఫలితం 40 వచ్చినా నోట్‌లోకి రాకూడదు. వాటి పుట్టుక ఎవరూ చెప్పలేరు.

కోర్ల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని డ్రిల్లు పెట్టకముందే అయిపోవాలి. ఏ ఫలితం వస్తే ఏమంటామో ముందే రాసి ఎండీకి పంపాలి. కోడ్ ప్రకారం కోర్ల బలాన్ని క్యూబు బలంలోకి మార్చి తీసిన సగటు గ్రేడ్‌లో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు, మూడింటికి తక్కువ తీయకూడదు. ఎం30కి అవి 25.5, 22.5. మూడు కోర్లు ఆరో బండి గ్రిడ్‌లో, మూడు మిగతా స్లాబ్‌లో. రెండు గుంపుల సగట్లూ విడివిడిగా చూస్తాం. తప్పితే లోడ్ పరీక్ష. ఇంత ముందే రాసిపెడితే, కోర్లు వచ్చాక సగట్లు కలపడానికి చోటు ఉండదు.

ఎందుకు విడివిడిగా అంటే, ఆరో బండి గ్రిడ్‌లో కోర్లు 27.4, 24.6, 26.8, మిగతా చోట్ల 31.2, 30.1, 32.6 వచ్చాయనుకుందాం. ఆరూ కలిపితే సగటు 28.8, చూడటానికి హాయిగా ఉంటుంది. విడిగా చూస్తే ఆరో బండి సగటు 26.3, అంటే 25.5 గీతకు 0.8 పైన. పాసే, కానీ మార్జిన్ అంతే. క్యూబుల దగ్గర 32.6 చేసిన పనే ఇక్కడ 28.8 చేయబోయింది.

రెండో నోట్‌లో ఇలా రాస్తే సరిపోతుంది: "క్యూబు ఫలితం ఫెయిల్‌గానే ఉంటుంది. కోర్ పరీక్షలో ఆరో బండి ప్రాంతం 26.3తో (హద్దు 25.5), అతి తక్కువ కోరు 24.6తో (హద్దు 22.5) షరతులు దాటింది, మిగతా స్లాబ్ 31.3. వంగుడు, షియర్ లెక్కలు 26 బలంతో తిరగవేసిన కన్సల్టెంట్ లేఖ జతపరిచాం." మొదటి వాక్యం చాలామందికి నచ్చదు. కోర్లు పాసయ్యాక ఇంకా ఫెయిల్ అనడమెందుకు అంటారు. స్లాబ్‌ను ఉంచడానికి కోర్ అనుమతి ఇచ్చింది గానీ, సప్లయర్ ఒప్పుకున్న ఎం30 రాలేదన్న సంగతిని అది చెరిపేయదు. బిల్లులో కోత, ప్లాంటు ఆడిట్, అదే మిక్స్ మళ్లీ వాడాలా వద్దా అన్నవన్నీ ఆ క్యూబు ఫలితం మీదే నిలబడతాయి. పై స్లాబుల స్టాండర్డ్ డీవియేషన్ లెక్కలో కూడా 26.3 అలాగే ఉండాలి. దాన్ని తీసేసి లెక్కిస్తే డీవియేషన్ తగ్గిపోయి, తర్వాతి గుంపు సగటు 33 వచ్చినా పాసైనట్టు కనిపిస్తుంది.

కోర్ తీసిన రంధ్రాలను కుదించుకోని గ్రౌట్‌తో పూడ్చి, వాటి చోట్లు డ్రాయింగ్‌లో గుర్తు పెట్టి, రెండు నోట్‌లతో పాటు అదే ఫైల్లో ఉంచాలి. అయిదేళ్ల తర్వాత ఆ ఫ్లాట్‌లో ఎవరో పైపు కోసం కోర్ కట్టర్ పెట్టబోతే, ముందుగా చూసేది ఆ డ్రాయింగే.